డాబా మీద నీళ్ల ట్యాంకు: వేడి, పాచి రెండూ తగ్గాలంటే ఏది కొనాలి?

ఎండలు ముదిరే సరికి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. నల్ల ట్యాంకు పెట్టిస్తే మధ్యాహ్నం కుళాయిలో చెయ్యి పెట్టలేకపోతున్నాం, తెల్లది పెట్టిస్తే లోపల పచ్చగా పాచి పడుతోంది, మరి ఏది కొనాలి అని. స్టీలుదైతే మంచిదని ఒకరు, పాతకాలంలా సిమెంటుదే మేలని ఇంకొకరు చెబుతుంటారు. కోనసీమలో గానీ, భీమవరం, పాలకొల్లు వైపు గానీ, రెండు మూడు గదుల చిన్న డాబా ఇల్లున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం పట్టుకోండి. పాచికి వెలుతురు కావాలి. ట్యాంకులోకి వెలుతురు పోకపోతే పాచి పెరగదు. నల్లరంగు వెలుతురును ఆపుతుంది కానీ ఎండను పీల్చుకుంటుంది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కానీ పలుచటి తెల్ల ప్లాస్టిక్ గుండా వెలుతురు లోపలికి దిగిపోతుంది. అందుకని మనకు కావలసింది బయట తెల్లగా ఉండి, మధ్యలో వెలుతురును ఆపే గోడ. అది ప్లాస్టిక్కా, సిమెంటా, స్టీలా అన్నది మీ నీళ్లను బట్టీ, మీ స్లాబును బట్టీ తేలుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- మూత ఉన్న తెల్లటి గాజు సీసా ఒకటి
- మామూలు థర్మామీటరు (ఒంటి జ్వరం చూసేది కాదు, నీళ్ల వేడి చూసేది), ఒక బకెట్టు
- మీ బోరు నీళ్ల పరీక్ష కాగితం. అందులో క్లోరైడ్, ఇనుము, మొత్తం లవణాల అంకెలు ఉండాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులో చేయించుకోవచ్చు.
- టేపు, టార్చి
- ఇల్లు కట్టిన మేస్త్రి గానీ ఇంజినీరు గానీ చెప్పిన మాట: పిల్లర్లు ఎక్కడున్నాయి, స్లాబు కింద గోడలు ఎక్కడున్నాయి

1. ముందు మీ నీళ్లేమిటో చూడండి

చాలామంది ట్యాంకు కొన్నాకే నీళ్ల సంగతి ఆలోచిస్తారు. డెల్టాలో మాత్రం అన్నిటికన్నా ముందు చూడాల్సింది నీళ్లనే. రావులపాలెం, తణుకు వైపు బోరులో మంచినీళ్లు పడిన ఇంటికి పనికొచ్చే ట్యాంకు, అంతర్వేది వైపు ఉప్పునీళ్లు పడే ఇంటికి పనికి రాకపోవచ్చు.

బోరు నీళ్లు సీసా నిండా పట్టి, మూత బిగించి ఒక రాత్రి అలా వదిలేయండి. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి ఎర్రబడి, అడుగున తుప్పురంగు మడ్డి దిగితే అది ఇనుము. ట్యాంకు గోడలకు ఎర్రగా జిగురుగా పట్టేది చాలా ఇళ్లలో ఇదే. దాన్ని పాచి అనుకుని ట్యాంకు మార్చినవాళ్లున్నారు. ట్యాంకు మారిస్తే ఇనుము పోదు. పచ్చగా ఉంటే పాచి, ఎర్రగా ఉంటే ఇనుము అని గుర్తు పెట్టుకోండి.

తర్వాత కాగితంలో క్లోరైడ్ అంకె చూడండి. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే 304 రకం స్టీలుకు గండం మొదలైనట్టే. అంకె తెలియకపోయినా, నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లకు ఆ స్టీలు వద్దు.

వేసవిలో ఇంకో సంగతి ఉంది. కాలువలు కట్టేశాక పంచాయతీ కుళాయిలో వచ్చేవి చెరువులో నిలవ పెట్టిన నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఆ చెరువులే పచ్చబడతాయి. అంటే పాచి విత్తనం నీళ్లతో పాటే ఇంట్లోకి వస్తుంది. ట్యాంకులోకి వెలుతురు దిగితే అది పది రోజుల్లో గోడలంతా పాకుతుంది. చీకటిగా ఉంటే పెరగలేక అడుగుకు చేరుతుంది, అడుగు గొట్టం తీస్తే బయటికి పోతుంది.

2. ఎంత పెద్దది కావాలో లెక్క వేయండి

మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు దాదాపు రెండు రోజులకు సరిపోతుంది. కరెంటు పోతే ఎలా అన్న టెన్షన్‌తో రెండు వేల లీటర్లది పెట్టించకండి. నీళ్లు నాలుగు రోజులు నిలవ ఉంటాయి, వాటిలో ఉన్న కాస్త క్లోరిన్ కూడా పోతుంది, స్లాబు మీద ఇంకో టన్ను బరువు పడుతుంది.

3. స్లాబు ఏం మోయగలదో చూడండి

వెయ్యి లీటర్ల నీళ్లు ఒక టన్ను. ప్లాస్టిక్ ట్యాంకు, స్టీలు ట్యాంకు సొంత బరువు దీని ముందు లెక్కలోకి రాదు. సిమెంటు కాంక్రీటు ట్యాంకు అలా కాదు. నాలుగంగుళాల గోడలు, ఆరంగుళాల అడుగు, పైన మూత స్లాబు కలిపితే ఖాళీ ట్యాంకే దాదాపు రెండు టన్నులు తూగుతుంది. నీళ్లు నింపితే దాదాపు మూడు టన్నులు. పిల్లర్లు లేకుండా గోడల మీద స్లాబు వేసిన పాత ఇంటి మీద, అందులోనూ వానాకాలంలో ఉబ్బి వేసవిలో బీటలు వారే నల్లమట్టి నేల మీద, ఈ బరువు తర్వాత పెట్టే పని కాదు. ఇల్లు కట్టేటప్పుడే పిల్లర్ల మీద ట్యాంకు వస్తుందని ఇంజినీరు లెక్క వేసి ఉండాలి. లేకపోతే సిమెంటు ట్యాంకు మాట ఇక్కడితో వదిలేయండి.

సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ట్యాంకు చేసేవాళ్లు కూడా ఉన్నారు. నేల మీద తొట్టిగా బాగుంటాయి. డాబా మీద మాత్రం వద్దు. అతుకుల దగ్గర నీళ్లు చెమరుస్తాయి, ఆ చెమ్మ స్లాబు ఊచలను తింటుంది.

4. మూడింటిలో ఒకటి ఎంచుకోండి

*ప్లాస్టిక్.* డెల్టాలో చిన్న ఇంటికి, ఉప్పునీళ్లు ఉన్నా లేకపోయినా, నేను ముందు చెప్పేది ఇదే. ఉప్పు దీన్ని ఏమీ చేయలేదు. అయితే గోడ మధ్యలో నల్ల పొర ఉన్న తెల్లదే కొనాలి. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 12701 అన్న అంకె ట్యాంకు మీద అచ్చయి ఉండాలి.

నాలుగు లేయర్లు, ఆరు లేయర్లు అని కొట్టులో చెప్పేది వినడం కాదు, చూడాలి. ప్లంబర్ గొట్టం కోసం బెజ్జం చేసినప్పుడు రూపాయి బిళ్లలా ఒక ముక్క ఊడి వస్తుంది. దాన్ని పారేయనివ్వకండి. అంచు వైపు తిప్పి చూస్తే బయట తెలుపు, మధ్యలో నల్ల చార, లోపల మళ్లీ తెలుపో నీలమో విడివిడిగా కనిపిస్తాయి. నల్ల చార చుట్టూ ఒకే మందంలో ఉండాలి. బిళ్లంతా ఒకే తెలుపయితే అది ఒంటి పొర ట్యాంకు, పాచి ఖాయం. బెజ్జం చేశాక వెనక్కి తీసుకోరు కాబట్టి కొనేముందే ఇంకో పని చేయండి. ట్యాంకును ఎండలో పెట్టించి, మూత దగ్గర తల లోపలికి పెట్టి, చుట్టూ మందపాటి దుప్పటి కప్పించుకోండి. అర నిమిషం కళ్లు అలవాటు పడనివ్వండి. గోడలు లాంతరులా వెలుగుతుంటే ఆ ట్యాంకు వద్దు.

*స్టీలు.* వెలుతురు అస్సలు పోదు, గోడలు నునుపుగా ఉంటాయి కాబట్టి పాచి పట్టే ఆస్కారం తక్కువ, కడగడం తేలిక. వేడి విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. రేకు పలచన. ఎండ తగిలిన వేడి వెంటనే నీళ్లకు చేరుతుంది, రాత్రి అంతే తొందరగా చల్లారుతుంది. కాబట్టి స్టీలుకు నీడ తప్పనిసరి.

దీనికి అసలు శత్రువు ఉప్పు. బోరు నీళ్లలో ఉప్పు, సముద్రపు గాలిలో ఉప్పు రెండూ కలిస్తే ముందు టీ రంగు మచ్చలు వస్తాయి, తర్వాత అతుకుల దగ్గరా, నీటి మట్టం నిలిచే గీత దగ్గరా సూదిమొనంత బెజ్జాలు పడతాయి. బోరులో మంచినీళ్లు ఉండి, సముద్రానికి బాగా ఎడంగా ఉన్న ఇంటికయితే 304 రకం మంచి ఎంపిక. ఉప్పు ఓ మాదిరిగా ఉన్నా స్టీలే కావాలనుకుంటే 316 రకం అడగాలి, ఖరీదు బాగా పెరుగుతుంది.

కొట్టులో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు చూడండి, అసలు సిసలు స్టీలు అంటారు. ఆ పరీక్షను నమ్మకండి. చవకరకం 202 స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకో కొట్టు చూసుకోండి.

*సిమెంటు కాంక్రీటు.* మధ్యాహ్నం చల్లగా ఉంచడంలో దీని తర్వాతే ఏదైనా. మందపాటి గోడలు కాబట్టి వేడి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకే మూడు గంటలకు చల్లగా ఉన్న నీళ్లు రాత్రి ఎనిమిదింటికి గోరువెచ్చగా తగలొచ్చు. గోడ చీకటే అయినా లోపల గరుకుగా ఉంటుంది కాబట్టి మూత సందులో నుంచి కాస్త వెలుతురు దిగినా మూలల్లో పాకుడు పట్టుకుని వదలదు. మూలలు గుండ్రంగా తీర్పించాలి, లోపల గచ్చు నున్నగా పాలిష్ చేయించాలి. బయట ఏటా ఎండాకాలానికి ముందు రెండు మూడు పూతలు సున్నం వేయాలి. ఉప్పునీళ్లయితే సన్న పగుళ్లలోంచి ఉప్పు ఊచల దాకా పోతుంది, ఊచ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కొత్తది కట్టాక రెండు వారాలు నీళ్లు నిలగట్టి, ఆ నీళ్లు రెండు మూడు సార్లు పారబోసిన తర్వాతే వాడుకోండి. మొదటి నీళ్లలో సున్నపు ఘాటు ఉంటుంది.

5. ఎక్కడ పెట్టాలి, నీడ ఎటు వేయాలి

వాస్తు ప్రకారం మనవాళ్లు ట్యాంకును నైరుతిలో పెడతారు. అంటే సాయంకాలపు ఎండంతా దాని మీదే. అక్కడే పెట్టుకోండి, కానీ నీడ వేయండి. దక్షిణం వైపు తడిక కట్టి ఊరుకునే వాళ్లు చాలామంది. మన ప్రాంతంలో మే మొదటి వారానికి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ తర్వాత కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. కాబట్టి వేసవిలో దక్షిణం గోడకు పడే ఎండ తక్కువ. ఎండ కొట్టేది ట్యాంకు నెత్తి మీదా, పడమటి పక్కా. ఆ రెండు చోట్ల కొబ్బరాకు తడికో, తెల్ల రేకో పెట్టండి. ట్యాంకుకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచితే మధ్యలో గాలి ఆడుతుంది. మెట్ల గది ఉంటే దానికి తూర్పున పెట్టుకోవడం ఇంకా తేలిక, మూడు గంటల నుంచి దాని నీడే పడుతుంది.

కొబ్బరిచెట్టు కింద నీడ ఉంది కదా అని పెట్టకండి. మట్ట గానీ కాయ గానీ పడితే మూత పగులుతుంది. పగిలిన మూత వల్ల వెలుతురు, ఆకులు, దోమలు అన్నీ లోపలికే.

ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం చదును గచ్చు మీద ఆనాలి. నాలుగు ఇటుకల మీదో, ఇనుప స్టాండు పట్టీల మీదో పెడితే సందుల్లో అడుగు కిందికి జారి, రెండేళ్లకో మూడేళ్లకో గొట్టం దగ్గర చీలుతుంది. దిమ్మె పిల్లరు మీదికో, కింద గోడలు కలిసే మూల మీదికో వచ్చేలా కట్టించండి.

6. గొట్టాల సంగతి వదిలేయకండి

వేడి నీళ్లు వస్తున్నాయంటే తప్పు ట్యాంకుదే అనుకుంటాం. మధ్యాహ్నం మూడింటికి కుళాయి తిప్పి మొదటి మగ్గు వేడి చూడండి. బకెట్టు నిండాక మళ్లీ చూడండి. మొదటిది కాలిపోతూ, బకెట్టు సగానికి మామూలుకు వస్తే వేడెక్కింది గొట్టం. అంగుళం గొట్టం పది మీటర్లు పిట్టగోడ వెంట ఎండలో పారితే దానిలో నాలుగైదు లీటర్ల నీళ్లు ఉడుకుతుంటాయి. దానికి ట్యాంకు మార్చి లాభం లేదు. గొట్టానికి నల్ల ఫోమ్ తొడుగు వేసి పైన తెల్ల టేపు చుట్టండి, లేదా తూర్పు గోడ వెంట దింపించండి.

బకెట్టు నిండినా అదే వేడి ఉంటే అప్పుడు ట్యాంకు సంగతి. అక్కడా ముందు నీటి మట్టం చూడండి. ఒకే ఎండ వెయ్యి లీటర్ల మీద పడితే మూడు డిగ్రీలు పెరిగే చోట, అడుగున మిగిలిన మూడు వందల లీటర్లకైతే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. పొద్దున్న స్నానాలయ్యాక ట్యాంకు సగానికి పడిపోతుంది కదా, అప్పుడే మోటారు వేసి నింపేయండి. సాయంత్రం నింపే అలవాటును పొద్దున్న పదింటికి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

బయటికి పోయే గొట్టం అడుగు నుంచి రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి, మడ్డి కుళాయిల్లోకి రాదు. మడ్డి పోవడానికి అడుగున వేరే గొట్టం, గేట్ వాల్వ్ పెట్టించండి. ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి సన్న జాలీ కట్టండి.

ఒక ఇంటి లెక్క

రాజోలు వైపు, సముద్రానికి దగ్గర్లో రెండు గదుల డాబా అనుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, రాత్రి సీసాలో పెడితే కాస్త ఎర్రబడతాయి. పంచాయతీ కుళాయి పొద్దున్న గంటసేపు వస్తుంది, ఆ నీళ్లు డాబా ఎక్కేంత ఒత్తిడితో రావు. స్లాబు గోడల మీద వేసింది, పిల్లర్లు లేవు.

నలుగురికి 540 లీటర్లు కాబట్టి వెయ్యి లీటర్లు చాలు. పిల్లర్లు లేవు కాబట్టి సిమెంటు పోయింది. ఉప్పు వల్ల స్టీలు పోయింది. మిగిలింది నల్ల పొర ఉన్న తెల్ల ప్లాస్టిక్. నైరుతి మూల రెండు గోడలు కలిసే చోట దిమ్మె, పైనా పడమటా తడిక, గొట్టం తూర్పు గోడ వెంట. ఇనుము ఉంది కాబట్టి అడుగు గొట్టం తప్పనిసరి, వారానికోసారి తిప్పి ఎర్ర మడ్డి పోయేదాకా వదలాలి. పంచాయతీ నీళ్లు పైకి ఎక్కించకుండా కిందే మూత ఉన్న డ్రమ్ములో తాగడానికి, వంటకి విడిగా పట్టుకోవాలి.

ఇదే కుటుంబం తణుకు దగ్గర, మంచినీళ్ల బోరుతో ఉంటే 304 స్టీలు పెట్టుకోమని కూడా చెబుతాను, నీడ వేస్తామంటేనే.

7. పాత ట్యాంకు ఉన్నవాళ్లు

వెంటనే కొత్తది కొననక్కర లేదు. నల్ల ట్యాంకుకు పాచి సమస్య లేదు, నీడ వేస్తే వేడి తగ్గుతుంది. దాని మీద తెల్ల పెయింటు వేయించకండి, ఆ ప్లాస్టిక్‌కు పట్టదు, ఏడాదిలో పెచ్చులు లేస్తుంది. ఒంటి పొర తెల్ల ట్యాంకయితే చుట్టూ ముందు నల్ల పట్టా, దాని మీద తెల్ల పట్టా బిగించి కట్టండి. నల్లది ఒక్కటే కడితే పాచి పోయి వేడి వస్తుంది.

కట్టే ముందు కడగాలి. నీళ్లు వదిలేసి, నైలాన్ బ్రష్‌తో గోడలు రుద్ది, మడ్డి తోసేయండి. తర్వాత ట్యాంకు నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు లెక్కన బకెట్టులో కలిపి, తేరిన పైనీళ్లు మాత్రమే పోయండి. కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి మూసేసి, రాత్రంతా ఉంచండి. పొద్దున్న ఆ నీళ్లన్నీ వదిలేసి, వాసన పోయేదాకా కడగండి. ఆ నీళ్లు తాగకూడదు, చేపల తొట్టిలోకి, మొక్కల్లోకి వదలకూడదు. స్టీలు ట్యాంకులో అలా రాత్రంతా ఉంచితే రేకు దెబ్బతింటుంది. అరగంటలో వదిలేసి రెండుసార్లు కడగండి.

మూడు పనులు మాత్రం చేయకండి. చెరువుల్లో చల్లినట్టు మైలుతుత్తం ట్యాంకులో వేయకండి. తుప్పు మరక పోవాలని యాసిడ్, దానితో పాటు బ్లీచింగ్ కలపకండి, వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. సిమెంటు ట్యాంకులోకి ఒక్కరే దిగకండి, మూత ముందే తీసి ఉంచి, పైన ఒక మనిషిని నిలబెట్టండి.

8. పని కుదిరిందో లేదో చూసుకోవడం

వెలుతురు: ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఫోను వీడియో ఆన్ చేసి, లోపలిది స్పష్టంగా కనిపించే ప్లాస్టిక్ కవరులో మూటకట్టి, గట్టి తాడుతో మూత లోపల నీళ్లకు పైన వేలాడదీసి మూత పెట్టండి. నిమిషం తర్వాత తీసి చూడండి. తెర పూర్తిగా నల్లగా ఉండాలి. ఎక్కడైనా వెలుగు గీత కనిపిస్తే అది మూత అంచో, గొట్టం చుట్టూ ఉన్న సందో. అక్కడ రబ్బరు పట్టీ వేయించండి.

వేడి: పొద్దున్న ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ట్యాంకులో నీళ్లు తోడి థర్మామీటరుతో చూసి రాసుకోండి. నీడ వేయక ముందు ఒక రోజు, వేశాక అంతే ఎండ ఉన్న ఇంకో రోజు. రెండు పూటల మధ్య తేడా తగ్గిందంటే నీడ పని చేస్తోంది. తగ్గకపోతే పడమటి వైపు మూడింటికి వెళ్లి నిలబడి చూడండి, ఎండ ఎక్కడి నుంచి దూరుతోందో కనిపిస్తుంది.

పాచి: నెలకోసారి మూత తీసి, నీటి మట్టానికి కాస్త కింద గోడను తెల్లగుడ్డతో తుడవండి. పచ్చ మరక వస్తే వెలుతురు పరీక్ష మళ్లీ చేయండి. ఎర్ర మరక వస్తే అడుగు గొట్టం తిప్పండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టుల్లో పంచాయతీ నీళ్లు పట్టుకునే డ్రమ్ములో ఒండ్రు దిగుతుంది, దాన్ని మరింత తరచుగా కడగాలి.

ఇక తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ప్లాస్టిక్ ట్యాంకును నిండా నింపి మూత తాళ్లతో బిగించండి. ఖాళీ ట్యాంకును గాలి లేపేస్తుంది, నిండు ట్యాంకు టన్ను బరువుతో కదలకుండా ఉంటుంది. కరెంటు వచ్చేదాకా ఆ నీళ్లే వాడుకోవచ్చు. నీడ కోసం కట్టిన తడికలు, రేకులు మాత్రం ముందే విప్పి కిందికి దించేయండి.